పక్క చెరువు వాళ్లు మందు కలుపుతున్నారంటే అది ఏ జబ్బు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారమండి. నేను కాకినాడలో హౌస్ సర్జన్‌ని. పీజీ ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. సైకియాట్రీలో చిన్న కేసు ఇచ్చి జబ్బు పేరు అడిగితే స్కిజోఫ్రెనియా, డెల్యూజనల్ డిజార్డర్, మూడ్ డిజార్డర్‌తో వచ్చే సైకోసిస్, ఈ మూడింటి మధ్య ప్రతిసారీ తడబడుతున్నాను. క్రైటీరియా అంతా నోటికి వచ్చు, అయినా తప్పు పెడుతున్నాను. మొన్న మా బ్యాచ్‌లో చేసుకున్న ప్రశ్న ఇది: "భీమవరం దగ్గర 46 ఏళ్ల రొయ్యల రైతు. పక్క చెరువు వాళ్లు రాత్రిపూట తన చెరువులో మందు కలుపుతున్నారని 8 నెలలుగా నమ్ముతున్నాడు. నీళ్లు పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. ల్యాబ్ వాళ్లనీ కొనేశారంటున్నాడు. రాత్రుళ్లు గట్టు మీద కాపలా కాస్తున్నాడు, రెండుసార్లు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. అప్పుడప్పుడు తూము దగ్గర ఎవరో డబ్బా మూత తీసిన చప్పుడు వినిపిస్తుందంటాడు. మేత, లెక్కలు, అమ్మకాలు ఎప్పటిలాగే చూసుకుంటున్నాడు. 3 వారాలుగా దిగులుగా ఉంది, నిద్ర లేదు, ఆకలి తగ్గింది." ఆరు నెలలు దాటింది, చప్పుళ్లు కూడా వినిపిస్తున్నాయి కదా అని నేను స్కిజోఫ్రెనియా పెట్టాను. నా ఫ్రెండ్ సైకోటిక్ డిప్రెషన్ అంది. కీలో డెల్యూజనల్ డిజార్డర్ అని ఉంది. ఎందుకో చెప్పగలరా?

సమాధానం: అమ్మా, కీ సరిగ్గానే ఉంది. ఆ కేసులో ముందు పట్టుకోవలసినవి రెండు అంకెలు. అనుమానం వయసు 8 నెలలు, దిగులు వయసు 3 వారాలు. మిగతా వాక్యాలన్నీ వీటి తర్వాతే.

మీరూ మీ ఫ్రెండూ ఇద్దరూ కేసులో ఏం కనిపించిందో చూశారు, అది ఎప్పుడు కనిపించిందో చూడలేదు. చప్పుడు వినగానే మీకొక పేరు తట్టింది, దిగులు అనగానే ఆవిడకి ఇంకో పేరు తట్టింది. కానీ ఎవరో తనకి హాని చేస్తున్నారన్న నమ్మకం ఈ జబ్బులన్నిట్లోనూ ఉంటుంది. స్కిజోఫ్రెనియాలో ఉంటుంది, డెల్యూజనల్ డిజార్డర్‌లో ఉంటుంది, తీవ్రమైన డిప్రెషన్‌లో ఉంటుంది, మేనియాలో కూడా ఉంటుంది. కాబట్టి చెరువులో మందు కలుపుతున్నారన్న ఒక్క మాటతో ఏ పేరూ తేలదు. ఆ నమ్మకం మొదలైనప్పుడు మనసు ఎలా ఉంది, ఆ నమ్మకంతో పాటు మనిషిలో ఇంకేం చెడింది, ఈ రెండే తేలుస్తాయి.

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు రఫ్ పేపర్ మీద అడ్డంగా రెండు గీతలు గీయండి. పైది సైకోసిస్ గీత, అంటే డెల్యూజన్లు, హాలూసినేషన్లు ఉన్న కాలం. కిందది మూడ్ గీత, అంటే డిప్రెషన్ గానీ మేనియా గానీ పూర్తి స్థాయిలో ఉన్న కాలం. మీ రైతుకి పై గీత 8 నెలల పొడుగు. కింద గీత చివర్లో 3 వారాల ముక్క. పై గీత మొదలై ఏడు నెలలు గడిచేదాకా కింద ఏమీ లేదు. ఆ ఏడు నెలలూ అతని మూడ్ మామూలుగా ఉంది, నమ్మకం మాత్రం ఉంది. మూడ్ డిజార్డర్ విత్ సైకోటిక్ ఫీచర్స్ అనాలంటే సైకోసిస్ మూడ్ ఎపిసోడ్ ఉన్న కాలంలోనే ఉండాలి, బయట ఉండకూడదు. ఇక్కడ ముప్పావు వంతు కంటే ఎక్కువ బయటే ఉంది. మీ ఫ్రెండ్ జవాబు ఇక్కడితో పోయింది.

ఆ దిగులు అబద్ధమని కాదు. 3 వారాలంటే డిప్రెషన్ ఎపిసోడ్‌కి కావలసిన రెండు వారాలు దాటింది కూడా. మిగతా లక్షణాలు సరిపోతే అది నిజంగానే డిప్రెషన్ అయి ఉండవచ్చు. ఎనిమిది నెలలు నిద్ర మానుకుని గట్టు మీద కూర్చున్న మనిషికి, ఊళ్లో ఎవరూ తన మాట నమ్మని మనిషికి దిగులు రాకపోతేనే ఆశ్చర్యం. అయితే డీఎస్ఎం-5 డెల్యూజనల్ డిజార్డర్‌లో మూడ్ ఎపిసోడ్ అసలు ఉండకూడదని అనదు. వస్తే గిస్తే డెల్యూజన్ ఉన్న మొత్తం కాలంతో పోల్చి చూసినప్పుడు అది చిన్నదై ఉండాలంటుంది. ఎనిమిది నెలల్లో మూడు వారాలు చిన్నదే.

ఇప్పుడు మీ జవాబు సంగతి. ఆరు నెలలు దాటితే స్కిజోఫ్రెనియా అని ఎక్కడో మనసులో పడిపోయింది. ఆరు నెలల లెక్క రెండో మెట్టు. మొదటి మెట్టు క్రైటీరియన్ ఏ. అందులోని ఐదు రకాల లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి, ఒక నెల రోజుల్లో ఎక్కువ భాగం ఉండాలి, ఆ రెండింటిలో కనీసం ఒకటి డెల్యూజన్ గానీ హాలూసినేషన్ గానీ అతుకు లేని మాట గానీ కావాలి. మిగిలిన రెండు, తీరు తప్పిన ప్రవర్తన లేదా కెటటోనియా ఒకటి, నెగెటివ్ లక్షణాలు ఇంకొకటి. మొదటి మెట్టు ఎక్కకపోతే ఆరు నెలలు కాదు, ఆరేళ్లు గడిచినా స్కిజోఫ్రెనియా కాదు. డెల్యూజనల్ డిజార్డర్ పదేళ్లు ఉన్నా అది డెల్యూజనల్ డిజార్డరే. దానికి కనీసం ఇంతకాలం ఉండాలన్న లెక్క తప్ప ఇంతకాలం మించకూడదన్న లెక్క లేదు. ఆ కనీసం డీఎస్ఎంలో ఒక నెల, ఐసీడీ-11లో సాధారణంగా మూడు నెలలు.

మీ రైతుని మొదటి మెట్టు ఎక్కించి చూద్దాం. డెల్యూజన్ ఉంది, ఒకటి. మాట అతుకు తప్పిందని కేసులో ఎక్కడా లేదు. నెగెటివ్ లక్షణాలు లేవు సరికదా, మేత చూసుకుంటున్నాడు, లెక్కలు రాస్తున్నాడు, అమ్మకాలకి తనే వెళుతున్నాడు. ఈ వాక్యాన్ని ప్రశ్న రాసినవాళ్లు ఊరికే పెట్టలేదు. రొయ్యల చెరువు నడపడమంటే సామాన్యమైన పని కాదని ఈ జిల్లాల్లో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూసి పూట పూటకీ మేత మార్చాలి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోకుండా ఏరేటర్లు చూసుకోవాలి, కౌంట్ చూసి ఏ రోజు పట్టాలో తేల్చుకోవాలి, కొనేవాళ్లతో రేటు మాట్లాడాలి. ఇదంతా ఎనిమిది నెలలుగా చేస్తున్నాడంటే ఆలోచన, మాట, చొరవ చెక్కుచెదరలేదన్నమాట. రాత్రి కాపలా, పోలీస్ స్టేషన్ తిరుగుడు తీరు తప్పిన ప్రవర్తన కాదా అని అడగవచ్చు. ఆ నమ్మకం నిజమే అనుకుని చూడండి, నిజంగా మన చెరువులో ఎవరైనా మందు కలుపుతుంటే మనమూ అదే చేస్తాం. నమ్మకంలోంచి నేరుగా వచ్చిన పని ప్రవర్తన చెడినట్టు లెక్కలోకి రాదు. నమ్మకంతో సంబంధం లేని వింత పనులు, ఎండలో రెండు చొక్కాల మీద మూడో చొక్కా వేసుకుని తిరగడం, గంటల తరబడి ఒకే భంగిమలో నిలబడిపోవడం, అలాంటివి ఉంటే అప్పుడు లెక్క వేరు.

ఇక మిగిలింది చప్పుడు. చాలామందిని తప్పుదోవ పట్టించే వాక్యం ఇదే. ఏదో వినిపించింది అనగానే హాలూసినేషన్ అని రెండో టిక్కు పెట్టేస్తారు. మూడు సంగతులు చూడాలి. ఎంత తరచుగా, ఏం వినిపిస్తోంది, నమ్మకంతో దానికి సంబంధం ఉందా. ఇక్కడ అప్పుడప్పుడు అన్నారు, మాటలు కాదు డబ్బా మూత చప్పుడు అన్నారు, అదీ తూము దగ్గర, అంటే ఎక్కడ మందు కలుపుతారని భయపడుతున్నాడో అక్కడే. డెల్యూజనల్ డిజార్డర్‌లో ఈపాటి హాలూసినేషన్‌కి చోటుంది. అది జబ్బులో ముఖ్యమైన భాగం కాకూడదు, డెల్యూజన్ చుట్టూనే తిరగాలి. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని నమ్మే మనిషికి చర్మం మీద పాకినట్టు అనిపించడం కూడా ఇలాంటిదే. పైగా రాత్రంతా చెవులు రిక్కించి కూర్చున్నవాడికి నిజంగానే ఏ కప్పో దూకిన చప్పుడు మూత తీసినట్టు వినిపించి ఉండవచ్చు. అప్పుడది హాలూసినేషన్ కూడా కాదు, ఇల్యూజన్. ఎలా చూసినా రెండో టిక్కుకి బలం చాలదు.

ఇక్కడ ఇంకో సంగతి ఆగి చూడాలి. చెరువుల్లో మందు కలపడం ఈ చుట్టుపక్కల జరగని పనేం కాదు. గట్టు తగాదాలు, పాత పగలు ఉన్న చోట అలాంటి ఫిర్యాదులు నిజమే కావచ్చు. అందుకే ఇది బిజార్ డెల్యూజన్ కాదు, జీవితంలో జరగడానికి వీలున్న విషయం. అలాంటప్పుడు అది డెల్యూజన్ అని ఎలా అంటాం? నమ్మకం తప్పా ఒప్పా అన్నదాని కంటే దాన్ని ఎలా పట్టుకుని ఉన్నాడన్నది చూస్తాం. అనుమానం మాత్రమే ఉన్న రైతుకి రిపోర్టు బాగా వస్తే కొంత ఊపిరి ఆడుతుంది, కనీసం ఇంకో చోట పరీక్ష చేయించి చూస్తాడు. ఇతను రిపోర్టు రాగానే ల్యాబ్‌ని కూడా కుట్రలో కలిపేశాడు. వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యమే అతనికి కొత్త రుజువైంది. ఆ ల్యాబ్ వాక్యం కేసులో ఉన్నది దానికే. నమ్మకం ఇంట్లో వాళ్లకీ ఊరివాళ్లకీ ఉందా లేదా అన్నది కూడా చూడాలి. ఎవరో చేతబడి చేయించారని ఇంటిల్లిపాదీ అనుకుంటూ ఉంటే, అందులో ఒకరు ఆ మాట మన ముందు చెప్పినంత మాత్రాన దాన్ని డెల్యూజన్ అనకూడదు. అదే ఇంట్లో మిగతా వాళ్లు కూడా "చేతబడి అంటే మేమూ నమ్ముతామండి, కానీ ఈయన చెప్పేది మాకే అర్థం కావట్లేదు" అంటే అప్పుడు జాగ్రత్తగా వినాలి.

మీకు ఇది గట్టిగా నాటుకోవాలంటే ఇదే రైతుని ఉంచి కేసులో కొన్ని వాక్యాలు మారుద్దాం. పేరు ఎక్కడ మారుతుందో చూడండి.

మొదటి మార్పు. అదే మనిషి, అదే అనుమానం. కానీ అనుమానం పుట్టి 2 నెలలే అయింది. ఏరేటర్ తిరుగుతున్నప్పుడల్లా ఇద్దరు మగవాళ్లు తన గురించి మాట్లాడుకోవడం వినిపిస్తోంది, "ఇప్పుడు లేచాడు, ఇప్పుడు గట్టెక్కుతున్నాడు" అని తను చేసే ప్రతి పనినీ చెబుతున్నారు. అడిగినదానికి సంబంధం లేని జవాబులిస్తున్నాడు. దానికి ముందు 5 నెలలుగా ఎవరితోనూ కలవడం మానేశాడు, స్నానం చెబితే గానీ చేయడు, మేత, లెక్కలు భార్య చూసుకుంటోంది. ఇప్పుడు క్రైటీరియన్ ఏ తేలిగ్గా నిండింది. డెల్యూజన్, వాయిస్‌లు, అతుకు లేని మాట, మూడూ ఉన్నాయి. ఆ వాయిస్‌లు మూడో మనిషిగా తన గురించి మాట్లాడుకుంటున్నాయి, చేసే పనికి వ్యాఖ్యానం చెబుతున్నాయి. కర్ట్ ష్నైడర్ మొదటి వరుస లక్షణాలని చెప్పినవాటిలో ఇవి ఉన్నాయి. ఒకప్పుడు డీఎస్ఎం-4లో ఇలాంటి వాయిస్ ఒక్కటే ఉన్నా క్రైటీరియన్ ఏ నిండినట్టే. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ఆ మినహాయింపు తీసేసింది, ఇప్పుడు ఇంకో లక్షణం కూడా కావాలి. పాత పుస్తకాల్లోంచి నోట్స్ రాసుకున్నవాళ్లు ఇక్కడ పొరపడతారు.

కానీ ఈ మార్పులో అసలు చిక్కు లెక్కలో ఉంది. వాయిస్‌లు 2 నెలలవే కదా, ఆరు నెలలు కాలేదు కదా, స్కిజోఫ్రెనిఫార్మ్ అందామా? కాదు. ఆరు నెలల లెక్కలో జబ్బు ముదరకముందు మనిషి ముడుచుకుపోయిన కాలం కూడా కలుస్తుంది. 5 నెలలు ప్రోడ్రోమ్, 2 నెలలు యాక్టివ్ లక్షణాలు, కలిపి 7. నెల రోజుల యాక్టివ్ లక్షణాలూ ఉన్నాయి, ఆరు నెలల మొత్తమూ ఉంది. స్కిజోఫ్రెనియా. ప్రశ్నలో "చదువు వెనకబడింది", "స్నేహితుల్ని కలవడం మానేశాడు", "గదిలోంచి రావడం లేదు" అని ముందు నెలల గురించి ఒక్క వాక్యం ఉంటే దాన్ని వదలకండి, అది లెక్కలో కలపమని పెట్టిన వాక్యం. ఐసీడీ-11తో ప్రశ్న అడిగితే మాత్రం స్కిజోఫ్రెనియాకి ఒక నెల చాలు. ప్రశ్న ఏ పద్ధతిలో ఉందో ఒకసారి చూసుకుని అంకె వాడండి.

రెండో మార్పు. ఈసారి కేసు ఇంకోలా మొదలవుతుంది. జబ్బు తగిలి పంట పోయింది, నష్టం వచ్చింది. అప్పటినుంచి 2 నెలలుగా దిగులు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు, పొద్దున్న లేచేసరికి గుండెల మీద బరువు, సాయంత్రానికి కాస్త తేలిక. ఏడు కిలోలు తగ్గాడు. కూలీలకి ఒకప్పుడు డబ్బు ఎగ్గొట్టానని పదేపదే తలుచుకుంటున్నాడు. 3 వారాలుగా మాత్రం, చెరువులో మందు కలుపుతున్నారని, తను చేసిన పాపానికి అది తగిన శాస్తేనని, వాళ్లని ఆపొద్దని అంటున్నాడు. "నువ్వు బతికి ఎవరికి ఉపయోగం" అని ఒక గొంతు వినిపిస్తోంది.

గీతలు గీయండి. కింద గీత 2 నెలలు, పై గీత దాని లోపల 3 వారాలు. సైకోసిస్ మొత్తం మూడ్ లోపలే ఉంది. మేజర్ డిప్రెషన్ విత్ సైకోటిక్ ఫీచర్స్. అదే విషం, అదే పక్క చెరువు, పేరు పూర్తిగా మారిపోయింది. మొదటి రైతు అన్యాయం జరుగుతోందని పోలీసుల దగ్గరికి పరిగెత్తాడు, ఈయన శిక్ష పడాల్సిందేనని తల వంచాడు. నేరం, పాపం, నాశనం, లోపల అంతా కుళ్లిపోయిందన్న నమ్మకం, ఇలాంటివి దిగులుతో కలిసి నడిచే డెల్యూజన్లు. వీటిని మూడ్ కాంగ్రుయెంట్ అంటాం. ఇది జవాబుకి బలమిస్తుంది, కానీ జవాబు దీని మీద నిలబడదు. దిగులుతో కలవని డెల్యూజన్ ఉన్నా, అది మూడ్ ఎపిసోడ్ లోపలే ఉంటే ఇప్పటికీ మూడ్ డిజార్డరే, మూడ్ ఇన్‌కాంగ్రుయెంట్ అని పక్కన రాస్తాం అంతే. ఇన్‌కాంగ్రుయెంట్ అని కనిపించగానే స్కిజోఫ్రెనియా పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. కాలాన్ని పట్టుకుంటే ఆ తప్పు జరగదు.

నెగెటివ్ లక్షణాలకీ డిప్రెషన్‌కీ తేడా కూడా ఇక్కడే అడుగుతారు. రెండింట్లోనూ మనిషి మూల కూర్చుంటాడు, మాట తగ్గుతుంది, పని మానేస్తాడు. డిప్రెషన్‌లో మనిషి లోపల బాధ నిండి ఉంటుంది, అడిగితే మెల్లగానైనా చెబుతాడు, కళ్లు తడుస్తాయి, తను ఎందుకూ పనికిరానని అంటాడు. నెగెటివ్ లక్షణాల్లో ముఖం మీద ఏ భావమూ కదలదు, కూతురి పెళ్లి మాట ఎత్తినా, తల్లి పోయిన మాట ఎత్తినా ఒకే ముఖం. ఏమనిపిస్తోందని అడిగితే "ఏం లేదండి" అంటాడు, దాచిపెట్టి కాదు, నిజంగానే చెప్పడానికి ఏమీ దొరకక. కేసులో "దిగులు", "నిరాశ", "పశ్చాత్తాపం" అన్న మాటలుంటే మూడ్ వైపు చూడండి. "భావం లేని ముఖం", "పొడి మాటలు", "ఆసక్తి లేకుండా తిరగడం" అన్న మాటలుంటే నెగెటివ్ లక్షణాల వైపు చూడండి.

మేనియా సంగతి ఇంకాస్త మోసం చేస్తుంది. అదే రైతు 10 రోజులుగా రాత్రికి రెండు గంటలే పడుకుంటున్నాడు, అయినా అలుపు లేదు. గోదావరి జిల్లాల్లో ఏ రొయ్యకీ జబ్బు రాకుండా మందు కనిపెట్టానంటున్నాడు, అప్పు చేసి ఊళ్లో చెరువులన్నీ లీజుకి అడుగుతున్నాడు, ఎదుటివాడికి మాట సందు ఇవ్వడు. ఆ మందు ఫార్ములా కాజేయడానికే పక్కవాళ్లు చెరువులో ఏదో కలుపుతున్నారని కొట్లాటకి దిగుతున్నాడు. మేనియా అంటే సంతోషమే అనుకున్నవాళ్లు ఈ కోపం, అనుమానం చూసి స్కిజోఫ్రెనియా అంటారు. చిరాకు కూడా మేనియా మూడే. నిద్ర అవసరం తగ్గడం ఇక్కడ గట్టి ఆధారం. మీ మొదటి రైతు నిద్ర పట్టక నీరసపడ్డాడు, ఇతనికి నిద్రతో పనే లేదు. మేనియాకి వారం రోజులు కావాలి, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ వారం కూడా అక్కర్లేదు. సైకోసిస్ ఒక్కసారి కనిపించిందంటే ఇక దాన్ని హైపోమేనియా అనడానికి వీల్లేదు, అది మేనియానే.

స్కిజోఎఫెక్టివ్ ఎక్కడ వస్తుందని మీరు తప్పకుండా అడుగుతారు. రెండో మార్పులోని రైతుకి మందులతో దిగులు పూర్తిగా తగ్గింది, తిండి తింటున్నాడు, నవ్వుతున్నాడు. కానీ ఆ తర్వాత కూడా గొంతు వినిపిస్తూనే ఉంది, మందు కలుపుతున్నారన్న మాట అలాగే ఉంది, అలా రెండు వారాలో అంతకన్నా ఎక్కువో గడిచింది. అప్పుడు సైకోసిస్ మూడ్ గీత దాటి బయటికొచ్చింది. క్రైటీరియన్ ఏ లక్షణాలు మూడ్ ఎపిసోడ్‌తో కలిసి ఉన్న కాలం ఉండి, మూడ్ లేకుండా సైకోసిస్ రెండు వారాలైనా ఉండి, జబ్బు మొత్తం కాలంలో ఎక్కువ భాగం మూడ్ ఎపిసోడ్ ఉంటే స్కిజోఎఫెక్టివ్. మూడ్ ఎపిసోడ్ తక్కువ భాగమే ఉంటే మళ్లీ స్కిజోఫ్రెనియా వైపే. మీ అసలు కేసులో ఇది ఎందుకు కాదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. క్రైటీరియన్ ఏ నిండలేదు, మూడ్ ఉన్నది కొద్ది కాలమే.

ఇదంతా చేసేముందు ఒక నిమిషం కేసు మొదటి వాక్యం, చివరి వాక్యం మళ్లీ చదవండి. తాగుడు మానేసి రెండు మూడు రోజులైందని, చేతులు వణుకుతున్నాయని, కళ్ల ముందు పురుగులు కనిపిస్తున్నాయని ఉంటే ఈ మూడు పేర్లూ పక్కన పెట్టాలి. గంజాయి, స్టెరాయిడ్ మాత్రలు, థైరాయిడ్ కూడా అంతే. పొద్దున్న ఒకలా సాయంత్రం ఒకలా, మనుషుల్ని గుర్తుపట్టలేకుండా ఉంటే అది డెలీరియం. అరవై దాటాక మొదటిసారి సైకోసిస్ వచ్చిందంటే ముందు శరీరంలోనూ మెదడులోనూ కారణం వెతకాలి. భార్య మీద అనుమానం అన్న కేసులో మద్యం మాట ఉందేమో తప్పకుండా చూడండి, ఆ రెండూ తరచుగా కలిసి వస్తాయి.

పరీక్షలో కాలం అంకెల్లో ఇస్తారు. వార్డులో ఎవరూ అలా ఇవ్వరు. "ఎన్నాళ్ల నుంచండి?" అంటే "చాలా రోజులైందండి" అంటారు. మన దగ్గర మనుషులు కాలాన్ని పంటతో, పండగతో కొలుస్తారు, మీరూ అలాగే అడగండి. "సంక్రాంతికి అల్లుడు వచ్చినప్పుడు ఈ మాట అన్నారా?" "కాలువలు కట్టేసిన రోజుల్లో మామూలుగా తిన్నారా, పడుకున్నారా?" "ఈ సీడ్ వేయకముందు అనుమానం ఉందా, వేశాక మొదలైందా?" భార్యని విడిగా కూర్చోబెట్టి అడగండి, ఎందుకంటే అతని ఎదురుగా ఆవిడ సగమే చెబుతుంది. అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈయన మనసు బాగున్న రోజుల్లో, నవ్వుతూ తిరిగిన రోజుల్లో కూడా ఈ అనుమానం ఉండేదా?" ఆ ఒక్క జవాబుతో మీ రెండు గీతలు పూర్తవుతాయి.

పేరు తేలాక చేసే వైద్యం కూడా వేరు. రెండో మార్పులోని రైతుకి యాంటీడిప్రెసెంట్, యాంటీసైకోటిక్ రెండూ కలిపి ఇవ్వాలి, తిండి మానేసినా చనిపోతానంటున్నా ఈసీటీ గురించి ఆలస్యం చేయకుండా ఆలోచించాలి. మేనియా రైతుకి దిగులు మందు ఒంటరిగా ఇస్తే మంటలో నెయ్యి పోసినట్టే, అతనికి మూడ్ స్టెబిలైజర్, యాంటీసైకోటిక్ కావాలి. మీ అసలు రైతుకి యాంటీసైకోటిక్ అవసరమే, కానీ తనకి జబ్బు ఉందని అతను ఒప్పుకోడు. "మీది అనుమాన జబ్బు" అని మొదటి రోజే చెప్తే మళ్లీ రాడు, మిమ్మల్ని కూడా ల్యాబ్ వాళ్ల పక్కన చేరుస్తాడు. "నిజమే అంటున్నారా" అని అతను గుచ్చి అడిగినా అవునని అబద్ధం చెప్పకండి. "మీరు చెప్పేది నేను వింటున్నాను, కానీ మూడు వారాలుగా నిద్ర లేక మీ ఒళ్లు పాడవుతోంది, ముందు దాని సంగతి చూద్దాం" అంటే చాలామంది మందు వేసుకోవడానికి ఒప్పుకుంటారు.

అతను లేచి వెళ్లేలోపు రెండు సంగతులు అడగాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అన్నది ఒకటి, ఆ 3 వారాల దిగులు చిన్నదని వదలడానికి లేదు. రాత్రి గట్టు మీద కూర్చున్నప్పుడు పక్కన ఏం పెట్టుకుంటున్నారు, ఎవరైనా నిజంగా కనిపిస్తే ఏం చేద్దామనుకుంటున్నారు అన్నది రెండోది. కత్తి అనో కర్ర అనో చెబితే ఆ రాత్రే ఇంట్లో వాళ్లతో మాట్లాడి దాన్ని అక్కడినుంచి తీయించండి, మీ సీనియర్‌కి వెంటనే చెప్పండి.